నల్లగొండలో మఖానా పేల్చిన కథ: నా ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 14

మా వీధి చివర పూజా సామాన్ల దుకాణంలో జపమాలలకు వాడే నల్లటి తామర గింజలు దొరుకుతాయి. పావుకిలో తెచ్చాను. మఖానా అంటే తామర గింజల పేలాలే అని అందరూ అంటారు, ప్యాకెట్ల మీదా అలాగే రాసి ఉంటుంది. అలాంటప్పుడు మంగలంలో జొన్నలు పేలినట్టు ఇవీ పేలాలి కదా అనుకున్నాను.

పేలలేదు. పోత ఇనుము మూకుడు బాగా కాగాక ఒక గుప్పెడు వేసి పావుగంట కలిపాను. పైపెంకు ఇంకా నల్లబడి పొగ వచ్చింది. నాలుగు గింజలు టప్పుమని పగిలాయి గానీ లోపలి పప్పు ఉబ్బలేదు, రెండు బద్దలుగా విడిపోయి అంచులు మాడింది. పక్కన అత్తమ్మ కూర్చుని ఉంది. దేవరకొండ దిక్కు మనిషి, తొలి ఏకాదశికి ఏటా పేలాల పిండి ఆమె చేతిదే. ఒక గింజ పగలగొట్టి చూసి అంది: "గిది పప్పు బిడ్డా. శనగ బద్దలెక్క రెండు పలుకులున్నయ్, నడుమ పచ్చ మొలక ఉంది. పప్పు వేగుతది గని పేలుతదా?"

ఆ మాట నన్ను సరైన దారిలో పెట్టింది. తామర గింజలో మనం తినేది మొక్క బీజదళాలు, అంటే పప్పు బద్దలు. నడుమ చేదుగా ఉండే పచ్చ మొలక ఉంటుంది. మఖానా వచ్చేది తామర నుంచి కాదు. కలువ కుటుంబానికి చెందిన మరో నీటి మొక్క నుంచి. ఆకులు పెద్ద తట్టంత ఉండి నీటి మీద పరుచుకుంటాయి, ఆకులకూ కాడలకూ కాయలకూ ముళ్ళే. శాస్త్రనామం యూరియేల్ ఫెరాక్స్. దాని గింజలో బద్దలు ఉండవు. గట్టి పెంకు లోపల తెల్లటి పిండి గుండు ఒకటే ఉంటుంది. పిండి ఒకే ముద్దగా ఉంది కాబట్టే అది ఉబ్బి పువ్వులా విచ్చుకోగలదు. తామర గింజలు ఎన్ని కిలోలు తెచ్చినా మఖానా కావు. ఇంట్లో పేల్చాలని ఎవరైనా అనుకుంటే మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

నవంబర్ 16

మా మరిది మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. అక్కడ బస్తాలు మోసే హమాలీల్లో చాలామంది బీహార్ వాళ్ళు. అందులో మధుబని జిల్లా నుంచి వచ్చిన ఒకాయన ఛఠ్ పండగకు ఊరెళ్తున్నాడని తెలిసి, మఖానా గింజలు తెమ్మని మరిదితో చెప్పించాను. ఈ రోజు రెండు కిలోలు చేతికొచ్చాయి. వాళ్ళ దగ్గర పచ్చి గింజను గురి అంటారట, పేలిన దాన్ని లావా అంటారట. దర్భంగా, మధుబని చుట్టుపక్కల పండే ఈ పంటకే మిథిలా మఖానా పేరుతో 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాయలు పగిలి గింజలు చెరువు అడుగున బురదలోకి దిగిపోతాయి. మనుషులు మునిగి అడుగు నుంచి ఊడ్చి తీస్తారు. చేతిలోకి తీసుకుంటే పెద్ద బఠాణీ అంత నల్ల గుండ్లు, రాయిలాంటి పెంకు. అన్నీ ఒక సైజు కావు.

మధుబని అన్న మరిది ఫోన్లోంచి వచ్చీరాని తెలుగులో పద్ధతి చెప్పాడు. "వదినె, రెండు సార్లు వేడి చేయాలి. మొదటి సారి చేసినాక రెండు రోజులు, మూడు రోజులు వదిలేయాలి. ఆ తరవాత కొట్టాలి. కొట్టకుంటే పేలదు." కొట్టడం ఎందుకని అడిగాను. పెంకు దానంతట అది పగలదు అన్నాడు.

జొన్న పేలడానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. జొన్న గింజ లోపలి తేమ ఆవిరై ఒత్తిడి పెరిగితే దాని పొట్టే చిట్లిపోతుంది, పిండి ఉబ్బుతుంది. గురి పెంకు అంత సులువుగా చిట్లదు. ఆవిరి లోపలే బిగిసి ఉంటుంది. బయటి నుంచి మనం ఒక్క దెబ్బతో పెంకు పగలగొడితే, ఆ క్షణంలో ఒత్తిడి తప్పి మెత్తబడ్డ పిండి ఒక్కసారిగా ఉబ్బుతుంది. గింజ పొయ్యి మీంచి దిగాక చల్లబడే లోపు దెబ్బ పడాలి. ఆ వ్యవధి కొన్ని సెకన్లే.

నవంబర్ 17

మొదటి వేడి. అర కిలో గురి తూచి, ఎండలో ఒక పూట పెట్టి, మట్టి లేకుండా చెరిగి మూకుడులో వేశాను. మిల్లులో మోటార్ల వేడి చూసే గన్ను మరిది తెచ్చాడు. మూకుడు అడుగు 250 డిగ్రీలు దాటాక గింజలు వేసి, ఆపకుండా ఆరు నిమిషాలు కలిపాం. తూచితే 440 గ్రాములు. అంటే 60 గ్రాముల నీళ్ళు పోయాయి. ఎండబెట్టిన గురిలో మూడో వంతుకు కాస్త తక్కువగా తేమ ఉంటుంది. ఈ మొదటి వేడితో దాన్ని ఐదో వంతు దగ్గరికి తేవాలి. నా లెక్క కూడా ఇంచుమించు అక్కడికే వస్తోంది.

రెండు రోజులు ఆగమన్నాడు గానీ, ఆగకపోతే ఏమవుతుందో చూడాలనిపించింది. 150 గ్రాములు వెంటనే రెండో వేడికి పెట్టాను. ఈసారి మూకుడు 300 డిగ్రీలు దాటింది. గింజలు ఒక్క వరుసగా పరిచి రెండు నిమిషాలు కలిపితే లోపల నుంచి చిటచిట మొదలైంది. ఐదారు గింజలు చెక్క గరిటెతో తీసి తుమ్మ చెక్క పీట మీద వేయడం, మరిది చెక్క సుత్తెతో కొట్టడం. వాళ్ళ ఊళ్ళో వేడి గింజల్ని చేత్తోనే తీస్తారట, వేళ్ళు కాలి గట్టిపడిపోతాయట. మేం ఆ పని చేయలేదు. పెంకు ముక్కలు ముఖం దాకా ఎగురుతాయి కాబట్టి ఇద్దరం కళ్ళద్దాలు పెట్టుకున్నాం, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వలేదు.

పెంకు పగిలింది గానీ లోపలి పిండి పెంకు ముక్కలకే అంటుకుని చీలికలుగా వచ్చింది. 150 గ్రాముల నుంచి పువ్వులా విచ్చుకున్నవి 9 గ్రాములే. మిగతావి సగం ఉబ్బి సగం గట్టిగా ఉన్న గులకరాళ్ళు. వాటిని వాళ్ళు తుర్రి అంటారు.

మిగిలిన 290 గ్రాములు గంపలో పాత నూలు చీర పరిచి పోసి, పైన ఇంకో మడత కప్పి, గాలి మరీ తగలని మూల పెట్టాను. నవంబర్‌లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, కప్పకపోతే మరీ ఎండిపోతాయి.

నవంబర్ 20

సుమారు అరవై గంటలు గడిచాయి. గింజ చెవి దగ్గర పెట్టి ఊపితే కొన్నింటిలో లోపల గుండు కదులుతున్న చప్పుడు. ఈ ఆగడంలో జరిగేది రెండు పనులు. పైన ఎండి లోపల తడిగా ఉన్న గింజలో తేమ అంతటా సర్దుకుంటుంది. లోపలి గుండు కొంచెం ముడుచుకుని పెంకు నుంచి విడిపోతుంది. మొదటి రోజు చీలికలు రావడానికి కారణం గుండు పెంకుకు అంటిపెట్టుకుని ఉండడమే.

140 గ్రాములు మొదట వేయించాం. ఈసారి తేడా కళ్ళకు కనబడింది. దెబ్బ పడగానే 'టప్' అని పెంకు రెండుగా విడిపోయి తెల్లటి లావా బయటికి దూకుతోంది. అయితే ప్రతి గుప్పెట్లో రెండో మూడో మాత్రమే అలా వచ్చాయి. మంచివి 27 గ్రాములు.

కారణం ఏమిటని ఇద్దరం కూర్చుని పారేసినవన్నీ చూశాం. చిన్న గింజలన్నీ లోపల గోధుమ రంగుకు మాడి ఉన్నాయి. పెద్దవి లోపల ఇంకా పచ్చిగా, మైనం ముద్దలా ఉన్నాయి. అత్తమ్మ మంగలం దగ్గర జొన్నలు చాటతో చెరిగి తాలు, చిన్నవి వేరు చేసేది నాకు గుర్తొచ్చింది. చిన్నా పెద్దా కలిపి వేయిస్తే ఒకదానికి వేడి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. బీహార్లో గురిని వరుసగా ఐదారు జల్లెడలు పట్టి సైజు వారీగా విడదీస్తారని మధుబని అన్న చెప్పింది ఇందుకే అన్నమాట.

మిగిలిన 150 గ్రాములు రెండు జల్లెడలతో మూడు సైజులు చేశాం. ఒక్కో సైజు విడిగా, మూకుడులో ఇరవై గింజలకు మించకుండా వేశాం. చిన్నవి ఒకటిన్నర నిమిషం, పెద్దవి రెండు నిమిషాల పైన పట్టాయి. చిటచిట చప్పుడు మొదలయ్యాక ఇక ఆలస్యం చేయలేదు. మంచి లావా 44 గ్రాములు వచ్చింది.

వాళ్ళ ఊళ్ళో చేయి తిరిగినవాళ్ళకు మూడు కిలోల గురికి కిలో పైనే లావా వస్తుందట. మేం ఇంకా ఆ లెక్కకు దూరమే. కానీ ఇరవై గింజల్లో పదికి పైగా తెల్లగా విచ్చుకోవడం చూస్తే చేతుల్లో అలుపు పోయింది. అత్తమ్మ ఒకటి నోట్లో వేసుకుని "గిదైతే పేలమే" అంది.

డిసెంబర్ 8

మిగిలిన కిలోన్నర గురి కూడా పూర్తయింది. మూడు ఆదివారాలు పట్టింది. మొత్తం కలిపి 490 గ్రాములు. పేలాక వాటిని కొత్త వెదురు గంపలో వేసి మెల్లగా తిప్పుతూ రుద్దితే అంటుకున్న సన్న పొర చాలావరకు ఊడిపోతుంది. కొన్నింటి మీద ఎర్రటి మచ్చలు మిగులుతాయి. అవి పెంకు లోపలి పొర ముక్కలు, పాడైన గుర్తు కాదు.

తాజాగా పేలినప్పుడు కరకరలాడిన లావా మర్నాటికి మెత్తబడి, పళ్ళ మధ్య తోలులా సాగింది. అందుకని ఇక వేయించడం, దాచడం మీద పడ్డాను. నిజానికి ఎక్కువమందికి పనికొచ్చేది ఈ భాగమే. పేల్చకపోయినా దుకాణంలో కొన్న మఖానాకూ ఇవే లెక్కలు.

మఖానా లోపల అంతా సన్నటి గదులు, స్పంజిలా. గాలిలో తేమను పీల్చుకుంటుంది. లోపలి తేమ రెండు మూడు శాతం దగ్గర ఉంటే గది గోడలు గాజులా విరుగుతాయి. ఆరేడు శాతానికి చేరితే వంగుతాయి, విరగవు. వేయించడం అంటే రంగు తేవడం కాదు, ఆ నీటిని బయటికి పంపడం. అది జరిగిందో లేదో చూడడానికి నాకు దొరికిన నమ్మకమైన సాధనం త్రాసు.

100 గ్రాములు తూచి వెడల్పాటి మూకుడులో సన్న మంట మీద పెట్టాను. నూనె లేదు, నెయ్యి లేదు, ఉప్పు లేదు. ఆరు నిమిషాలకు పైన కరకర అనిపించింది, కానీ తూచితే 97. ఒకటి చల్లార్చి కొరికితే నడుమ ఇంకా సాగుతోంది. ఇంకో ఆరు నిమిషాలు వేయించాక 93కి వచ్చింది. చల్లార్చి వేళ్ళ మధ్య నొక్కితే పొడిపొడి అయింది. అక్కడ ఆపాను. వేడిగా ఉన్నప్పుడు నమ్మకూడదు. మూడు నాలుగు తీసి పళ్ళెంలో ఒక నిమిషం చల్లార్చి, పెద్ద వాటిని కొరికి చూడాలి. చిన్నవి ఎప్పుడూ ముందే అయిపోతాయి.

మరో 100 గ్రాములు మంట పెంచి ఐదు నిమిషాల్లో చేద్దామని చూశాను. పైన గోధుమ రంగు మచ్చలు వచ్చాయి, తూకం 97 దగ్గరే ఉంది. మఖానా నిండా గాలి గదులే కదా, వేడి లోపలికి నిదానంగా పోతుంది. మంట పెంచితే పైన మాడుతుంది గానీ నడుమ నీళ్ళు అక్కడే ఉంటాయి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు సన్న మంట తప్పదు.

నెయ్యి, ఉప్పు, పసుపు, కారం ఇవన్నీ తినేపూట మాత్రమే. నెయ్యి పట్టించి దాస్తే నెలలోపే ముక్కు వాసన వస్తుంది. ఉప్పు చల్లి దాస్తే అది గాలిలో తేమను పట్టి లోపలికి తెస్తుంది.

మార్చి 3

ఒక తప్పు చేశాను. డిసెంబర్‌లో 120 గ్రాముల లావా వేయించకుండా నూలు సంచిలో కట్టి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టాను. ఈ రోజు విప్పితే సన్న ఎర్ర పురుగులు, అడుగున పిండి. పిండిలో, రవ్వలో వచ్చే పురుగే ఇదీ. సంచిలోంచి లోపలికి పోగలదు, మెత్తబడ్డ మఖానా దానికి సులువు. అంతా పారేశాను. వేయించి మూత బిగించిన డబ్బాలోవాటికి ఒక్క పురుగు లేదు.

జూన్ 21

ఎండాకాలం అంతా నల్లగొండలో దాయడం పెద్ద కష్టం కాలేదు. ఏప్రిల్, మేలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే మూత సరిగ్గా పెట్టని డబ్బాలోనూ కరకర పోలేదు. అసలు పరీక్ష వానలు పడ్డాకే. వారం నుంచి ముసురు. ఈ రోజు మిగిలినవి మళ్ళీ వేయించి సరిగ్గా 200 గ్రాములు చేశాను, పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారే దాకా ఆగాను. వేడిగా మూత పెడితే మిగిలిన ఆవిరి మూత కింద నీటి చుక్కలై మళ్ళీ మఖానాలోకే పోతుంది. ఎక్కువసేపు ఆరబెట్టినా ఈ వానలో గాలి తేమ పట్టేస్తుంది. అరగంట చాలు.

నాలుగు భాగాలు చేశాను, ఒక్కోటి 50 గ్రాములు. ఒకటి మామూలు ప్లాస్టిక్ కవరులో రబ్బరు బ్యాండు. రెండోది అత్తమ్మ కారప్పొడి స్టీలు డబ్బా, నొక్కుడు మూత. మూడోది రబ్బరు రింగు ఉన్న ముప్పావు లీటరు గాజు సీసా, మూత తీయకుండా. నాలుగోది అదే రకం సీసా, కానీ రోజూ సాయంత్రం ఒకసారి తెరిచి రెండు నిమిషాలు ఉంచి మూయడం, పిల్లలు తినేటప్పుడు జరిగేట్టు.

జూలై 19

నాలుగు వారాలు. కవరులోది పదో రోజుకే 53 గ్రాములు దాటి తోలులా అయింది, దాన్ని అక్కడే ఆపేశాను. స్టీలు డబ్బాలోది మూడో వారానికి 52, నోట్లో మొదట కరకరమని తర్వాత సాగింది. ఎప్పుడూ తెరవని గాజు సీసా ఈ రోజు 50.3, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంది. రోజూ తెరిచినది 51.6, కరకర ఉంది గానీ చప్పుడు తగ్గింది. మా ఇంట్లో త్రాసు చెప్పిన గీత ఇదీ: 50 గ్రాములకు రెండు గ్రాములు పెరిగితే కరకర పోయినట్టే.

దీన్ని బట్టి పద్ధతి మార్చుకున్నాను. పెద్ద డబ్బా ఒకటి వద్దు. వారం రోజులకు సరిపడే చిన్న సీసాలు, నిండుగా నింపి, మూత కింద గాలి చోటు తక్కువ ఉండేట్టు. తెరిచిన సీసా ఒక్కటే తినడానికి, మిగతావి కదలవు. సీసాలో తేమ పీల్చే పొట్లం వేయాలనుకుంటే, కరెంటు సామాన్ల డబ్బాల్లో వచ్చేవి వాడొద్దు. ఆహారంలో పెట్టడానికని రాసి ఉన్న సిలికా జెల్ పొట్లమే పెట్టాలి, అదీ పగలనిది. ఇంట్లో ఉన్నదే కావాలంటే, గుప్పెడు బియ్యం తెల్లగా ఉండగానే సన్న మంట మీద బాగా వేడెక్కించి, చల్లార్చి, పలుచని గుడ్డలో మూటగట్టి సీసా అడుగున వేస్తున్నాను. రెండు వారాలకోసారి ఆ బియ్యాన్ని మళ్ళీ వేడి చేయాలి, లేదంటే అదీ తేమతో నిండి పని మానేస్తుంది.

మెత్తబడిన స్టీలు డబ్బా భాగాన్ని ఈ రోజు సన్న మంట మీద నాలుగు నిమిషాలు తిప్పాను. 52 నుంచి 50 గ్రాములకు తిరిగి వచ్చింది, కరకర కూడా వచ్చింది. తేమ ఒక్కటే పట్టిన మఖానా ఇలా తిరిగి వస్తుంది. ముక్కు వాసన వచ్చినా, బూజు చుక్కలు కనబడ్డా, పురుగు పట్టినా వేయించి లాభం లేదు, పారేయడమే.

జూలై 27

అత్తమ్మ ఈ ఏడు తొలి ఏకాదశికి జొన్న పేలాల పిండితోపాటు పక్కన చిన్న గిన్నెలో మఖానా కూడా దంచింది. బెల్లం, యాలకులు, ఒక చుక్క నెయ్యి. గాజు సీసాలోవి రోట్లో నాలుగు దెబ్బలకే మెత్తటి పొడి అయ్యాయి. రోజూ తెరిచిన సీసాలోవి మాత్రం రోకలికి అంటుకుని ఉండలు కట్టాయి. త్రాసు లేకుండానే ఆమె రోకలి ఆ తేడా చెప్పేసింది. మధుబని అన్న నవంబర్‌లో మళ్ళీ ఊరెళ్తాడట. ఈసారి ఒకే సైజు గురి నాలుగు కిలోలు, వీలైతే వాళ్ళు కొట్టే చెక్క సుత్తె కూడా తెమ్మని చెప్పాను.